పెళ్లి వంటల బేరంలో అడిగిందే మళ్లీ అడుగుతున్నారా? ముందు ఇవి చూడండి

విజయనగరంలో ఆడపెళ్లివారికీ వంట మేస్త్రికీ నడుమ రెండు నెలలు ఫోన్లు నడుస్తాయి. మూడో వారానికి "ఇంతకీ ఎంతమందన్నారు బాబూ?" అని మొదలవుతుంది.

ముందు చూడాల్సింది ఒకటే, అందరూ వదిలేసేదీ అదే: తేలిన మాటలన్నీ ఒక్కచోట ఉన్నాయా? సగం వాట్సాప్‌లో, సగం తలలో ఉంటే ప్రశ్న తిరిగి రాక మానదు. ఒక పేజీ తీసి వరుసకో సంగతి రాయండి: ఏం తేలింది, ఎవరన్నారు, ఏ తేదీన. ఫోన్ ఎత్తేముందు పేజీ చూడండి. దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పిన్ చేస్తే మంచిదే గానీ, ఆ పిన్ 30 రోజులకు మించి నిలవదు. గడువయ్యాక మళ్లీ పెట్టాలి.

పేజీ ఉన్నా ప్రశ్న వస్తోందంటే, దొంగ "అలాగేనండి" దగ్గర ఉన్నాడు. దొరకడం చాలా కష్టం, ఎందుకంటే పేజీలో "ఖాయం" అనే ఉంటుంది. మేనమామ "కూరల్లో పనసపొట్టు ఉండాలి" అన్నాడు, మేస్త్రి "అలాగేనండి" అన్నాడు. మేనమామ ఖాయమని రాసేసుకున్నాడు. మేస్త్రి లెక్కలో ఆ మాటకర్థం "విన్నాను, కాయ దొరుకుతుందో చూస్తాను" అని. నాలుగు రోజులకు "కూర ఏటి చెయ్యమన్నారు?" అని అడిగితే మేనమామకు కోపం. నిజానికి అక్కడ తేలిందేమీ లేదు.

అందుకే "సరేనా?" అని అడగొద్దు, దానికి మళ్లీ "సరే" అనే వస్తుంది. "కూరలేవేవి రాసుకున్నారో ఓసారి చదవండి" అనండి. "పనసపొట్టు" అని ఆయన నోటంట వస్తేనే ఖాయం. "దొరికితే పనస" అన్నాడా, అలాగే రాయండి: "పనస, దొరికితే. గురువారంలోగా మేస్త్రి చెప్పాలి. లేకుంటే గుత్తొంకాయ." గురువారం దాకా ఇద్దరూ ఆ ఊసెత్తక్కర్లేదు.

తేలిన మాట మారినప్పుడు ఇంకో చిక్కు. 400 మంది 550 అయ్యారనుకోండి. పాత అంకెను చెరిపెయ్యకండి, ఒక్క గీత కొట్టి పక్కన కొత్తది, తేదీ రాయండి. మేస్త్రి పాత అంకె పట్టుకుని మాట్లాడితే అదెక్కడిదో అప్పుడు తెలుస్తుంది. తర్వాత మనుషుల లెక్క మీద ఆధారపడ్డ వరుసలకే, అంటే బియ్యం, విస్తరాకులు, వడ్డించేవాళ్లకే ప్రశ్న గుర్తు పెట్టండి. కూరల పేర్లు, భోజనాల వేళ మారలేదు, వాటిని కదపొద్దు. అంకె మారిందని అన్నీ మొదట్నుంచి అడిగితే తేలినవి కూడా మళ్లీ విప్పినట్టవుతుంది.

మెసేజ్ అందకపోవడం అరుదు, రెండు టిక్కులు చూస్తే తెలిసిపోతుంది. అటు పెదనాన్న, ఇటు మేనమామ చెరో మాట చెప్పడమూ అప్పుడప్పుడు ఉంటుంది. పేజీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మేస్త్రితో మాట్లాడాలి.