క్రైమ్ సినిమాల్లో ఏది చూడాలి? మూడో పాఠం: హైస్ట్

పోయిన పాఠంలో నియో-నాయర్ గురించి మాట్లాడుకున్నాం. ఒక మనిషి ఒక తప్పు చేసి అందులో ఎలా కూరుకుపోతాడన్నదే అక్కడ కథ. ఈసారి హైస్ట్, అంటే దోపిడీ కథలు. ఓటీటీల్లో ఈ రెండింటికీ "క్రైమ్, థ్రిల్లర్" అనే ఒకే ముద్ర వేసేస్తారు కాబట్టి, సరదాగా నవ్వుకుందామని పెట్టుకున్న సినిమాలో గంట తిరిగేసరికి ఒక్కొక్కరూ చచ్చిపోతుంటే మూడ్ పాడవుతుంది. అందుకే ముందే పసిగట్టడం నేర్చుకుందాం.

దొంగతనం ఉన్న ప్రతి సినిమా హైస్ట్ కాదు. తలా ఒక పనిలో ఆరితేరిన వాళ్లు ఒక్కచోట చేరాలి, ప్లాన్ వెయ్యాలి, కథంతా ఆ ఒక్క పని చుట్టూనే తిరగాలి. అలాంటిది దొరికాక రెండు ప్రశ్నలు వేసుకోండి. దోపిడీ సినిమాలో ఎక్కడ వస్తుంది? ప్లాన్ మనకి ముందుగా ఎంత చెప్పారు?

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు ఈ తరహాలో అన్నిటికన్నా నచ్చేది అదే. 1955లో ఫ్రాన్స్‌లో జూల్స్ డాసిన్ తీసిన 'రిఫిఫి' చూడండి. పారిస్‌లో ఒక నగల దుకాణం, దాని పై అంతస్తులో ఒక ఇల్లు. దుకాణంలో ఉన్న అలారం లాంటిదే ముఠా ముందుగా ఒకటి తెచ్చుకుని, ఎంత చప్పుడైతే మోగుతుంది, దేనితో దాని నోరు నొక్కొచ్చు అని పరీక్షించుకుంటుంది. ఆ పరీక్షలన్నీ మన కళ్లముందే జరుగుతాయి. ఆ తర్వాత సుమారు అరగంట పాటు దోపిడీ, అందులో ఒక్క మాట ఉండదు, నేపథ్య సంగీతం ఉండదు. పై ఇంటి నేలకి చిన్న కన్నం పెట్టి, అందులోంచి మూసిన గొడుగు కిందికి దించి, అక్కడ విప్పుతారు. ఆ తర్వాత కన్నం పెద్దది చేస్తుంటే రాలే పెచ్చులన్నీ దుకాణం నేల మీద పడకుండా ఆ గొడుగులోనే పడతాయి. అలారం ఎంత చప్పుడుకి మోగుతుందో మనకి ముందే తెలుసు కాబట్టే, ఆ పెచ్చులు రాలుతున్నంతసేపూ మనం ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. ప్లాన్ ముందే చెప్పిన సినిమా మనకిచ్చేది టెన్షన్.

దీనికి పూర్తిగా ఎదురు, స్టీవెన్ సోడర్‌బర్గ్ 2001లో తీసిన 'ఓషన్స్ ఎలెవెన్'. పదకొండు మంది కలిసి లాస్ వేగస్‌లో మూడు కాసినోల డబ్బు దాచే ఖజానాని కొట్టేయాలనుకుంటారు. ప్లాన్ చెప్పినట్టే చెప్తారు కానీ ఒక ముక్క దాచేస్తారు, ఖజానా నమూనా ఒకటి కడుతున్నది కూడా చూపిస్తారు కానీ దాని అసలు ఉపయోగం చెప్పరు. ఇలా దాచిన సినిమా చివర్లో ఆశ్చర్యాన్ని ఇస్తుంది, ముఠా గెలిచే అవకాశమూ ఎక్కువే. కుటుంబంతో కూర్చుని చూడ్డానికి ఈ రకం బాగుంటుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. దోపిడీ చివర్లో వస్తే అది ఎక్కువగా తెలివి చూసి ఆనందించే సినిమా. 'రిఫిఫి'లోలాగా మధ్యలో వస్తే, మిగతా సగం దేనికి ఉంటుంది? ఆ డబ్బు మనుషుల్ని ఏం చేస్తుందో చూపించడానికే, కాబట్టి బరువైన ముగింపుకి సిద్ధపడి కూర్చోండి. అసలు దోపిడీయే చూపించకపోతే? 1992లో క్వెంటిన్ టారంటినో తీసిన 'రిజర్వాయర్ డాగ్స్' అలాంటిదే. నగల దోపిడీకి ముందు జరిగింది చూస్తాం, తర్వాత ఒక గోడౌన్‌లో నెత్తురోడుతూ ఒకరినొకరు అనుమానించుకోవడం చూస్తాం, మధ్యలో జరిగిన ఆ పని మాత్రం తెరమీదికి రాదు. పేరుకి హైస్టే అయినా దాని మనసు పోయిన పాఠంలో చెప్పుకున్న నియో-నాయర్ వైపే ఉంటుంది, నెత్తురు చూడలేని వాళ్లు దాని జోలికి పోవద్దు.

పాత హాలీవుడ్ సినిమాలకి ఈ లెక్క కొంచెం మారుతుంది. 1934 నుంచి 1968 దాకా అక్కడ సినిమా పరిశ్రమే పెట్టుకున్న నియమావళి ప్రకారం నేరం చేసినవాడు లాభపడి బయటపడినట్టు చూపించకూడదు. అందుకని ఆ కాలపు అమెరికన్ హైస్టులో ప్లాన్ ఎంత గొప్పగా ఉన్నా చివరికి డబ్బు వాళ్లకి దక్కదు. అక్కడ గెలుస్తారా లేదా అని చూడకండి, ఎక్కడ చెడింది, ఎవరి బలహీనత వల్ల చెడింది అన్నది చూడండి, అసలు కథ అందులోనే ఉంటుంది.

ట్రైలర్‌ని మాత్రం నమ్మకండి. ముఠా కలిసి నడిచే షాట్లు, హుషారైన పాట పెట్టి ఏ సినిమానైనా సరదాగా కనిపించేలా కట్ చెయ్యొచ్చు. దానికి బదులు సినిమా నిడివి చూసుకుని మొదటి అరగంట చూడండి. ఆ అరగంటలో ఎక్కువసేపు ఏం చూపించారు? మనుషుల్ని పోగెయ్యడం, వాళ్ల నైపుణ్యాలు చూపిస్తే సరదా రకం. వాళ్ల అప్పులు, జబ్బులు, జైలు నుంచి వచ్చిన రోజులు, ఇంట్లో గొడవలు చూపిస్తే బరువైన రకం.

వచ్చే పాఠంలోపు చెయ్యాల్సిన పని ఇది: మీరు ఇదివరకే చూసిన దోపిడీ సినిమా ఒకటి తీసుకుని, దోపిడీ ఎన్నో నిమిషంలో మొదలైందో, ప్లాన్‌లో మన దగ్గర దాచిన ముక్క ఏదో రాసుకోండి. వచ్చేసారి కోర్టురూమ్ డ్రామా. అక్కడ మన దగ్గర దాచేది సాక్ష్యం, కాబట్టి ఈ రెండో ప్రశ్న మళ్లీ అవసరపడుతుంది.