గాలివానల ముందు చెట్టు కొట్టిస్తున్నారా? పక్కింటి కప్పు పడితే ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి

గాలులు మొదలవకముందే ఇంటి పక్కన వాలిన చెట్టు తీసేయించాలని అందరికీ ఉంటుంది, అప్పుడే తెలిసినవాళ్ళ ద్వారా ఒకతను రంపం, తాడు పట్టుకుని వస్తాడు, రేటు నోటిమాటగా ఖాయం అవుతుంది, కాగితం ఏమీ ఉండదు. పని బాగా జరిగితే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ మాను పక్కింటి రేకుల మీద పడితే మొదటి ప్రశ్న "డబ్బు ఎవరిస్తారు" అనే.

చాలామంది "అతను నా పనివాడు కాదు కదా, కాంట్రాక్ట్ మీద చేశాడు, అతన్నే అడగండి" అంటారు. చాలా దేశాల చట్టాల్లో ఈ వాదనకి బలం ఉంది, సొంత పనిముట్లతో సొంత పద్ధతిలో పని చేసేవాడి నిర్లక్ష్యానికి పని చెప్పినవాడు మామూలుగా బాధ్యుడు కాడు. అయితే దీనికి మినహాయింపులు ఉన్నాయి, చెట్టు పనిలో అవి తరచుగా వర్తిస్తాయి. ఇంటి దగ్గర పెద్ద చెట్టు పడేయడం స్వతహాగా ప్రమాదకరమైన పని అని కోర్టు అనుకోవచ్చు, అప్పుడు బాధ్యత పూర్తిగా కాంట్రాక్టర్ మీదకి తోసేయలేం. అనుభవం ఉందో లేదో కనుక్కోకుండా పెట్టుకుంటే ఎంపికలోనే నిర్లక్ష్యం అంటారు. ఇంకా ముఖ్యమైనది, ఎలా కొట్టాలో మీరే చెప్తే "అతని పద్ధతి" అన్న మాటే పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చెట్టు ఎత్తు 12 మీటర్లు, పక్కింటి గోడ 7 మీటర్ల దూరంలో ఉంది. అంటే ఆ వైపు పడితే కప్పుకి తగలకుండా ఉండే ఛాన్సే లేదు, కాబట్టి పైనుంచి ముక్కలుగా కోసి తాడుతో దించాలి. కొట్టేవాడు రెండు రోజులు పడుతుంది అన్నాడు, ఓనర్ "వద్దులే మొదలు దగ్గరే కోసేయ్, మేం తాడు పట్టి ఖాళీ స్థలం వైపు లాగుతాం" అన్నాడు. మాను పడే వైపు గాటు పెట్టి, వెనక నుంచి కోసుకొచ్చి, మధ్యలో కొంచెం కలప తలుపు కీలులా వదలాలి, చెట్టుని ఆ వైపుకే వంచేది అదే. ఇక్కడ మాను లోపల పుచ్చిపోయి ఉంది, ఆ కలప చిట్లిపోయింది, చెట్టు తిరిగి పక్కింటి మీద పడింది. మనుషులు లాగే తాడుతో ఆపడం కుదరదు, ఎందుకంటే 40 సెంటీమీటర్ల మందం, 2 మీటర్ల పొడవు ఉన్న ఒక్క పచ్చి దుంగే పావు టన్ను దాకా తూగుతుంది.

ఇప్పుడు కొట్టేవాడిది నైపుణ్యం తప్పు, కోసేముందు పుచ్చు ఉందా అని మానుని తట్టి చూడాలి. కానీ ఓనర్ పద్ధతి మార్చాడు, తాడు లాగే మనుషుల్నీ పెట్టాడు, కాబట్టి అతను కూడా వాటా పంచుకోవాల్సి రావచ్చు. పక్కింటాయనకి ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ ముందు ఆయనకి డబ్బిచ్చి ఆ తర్వాత బాధ్యుల దగ్గర వసూలు చేసుకోవడానికి చూస్తుంది, కొట్టేవాడి దగ్గర ఏమీ లేకపోతే చూపు ఓనర్ వైపు తిరుగుతుంది. తుఫానుకి ఆరోగ్యంగా ఉన్న చెట్టు పడితే కథ వేరు, అక్కడ మామూలుగా ఎవరి తప్పూ ఉండదు. ఇది మనం కోయించిన చెట్టు.

అందుకే ముందు చేయాల్సింది కొట్టేవాడి ఇన్సూరెన్స్ చూడటం. ఇతరుల ఆస్తి నష్టానికి వర్తించే పాలసీ కావాలి, సొంత రంపానికి ఉన్నది కాదు. ఫోటో చూసి నమ్మొద్దు, కంపెనీకి మీరే ఫోన్ చేసి పాలసీ పని రోజుకి నడుస్తోందా, చెట్టు కొట్టే పని, ఆ ఎత్తు అందులో కవర్ అవుతాయా అని అడగండి, ఎత్తు పరిమితి పెట్టిన పాలసీలు ఉంటాయి. మీ ఇంటి పాలసీలో పక్కవాళ్ళకి జరిగే నష్టం ఉందో లేదో కూడా చూసుకోండి. ఇన్సూరెన్స్ లేనివాడిని పెట్టుకోవాల్సి వస్తే, ఇంటిని తాకే దూరంలో ఉన్న చెట్టు మాత్రం అతనికి ఇవ్వొద్దు అనేది నా గట్టి అభిప్రాయం.

తర్వాత ఒక మెసేజ్ అయినా రాయించుకోండి: ఏ చెట్టు, ముక్కలుగానా మొత్తంగానా, ఏ వైపు, నష్టం జరిగితే ఎవరు కడతారు. పద్ధతి అతని మాటల్లోనే ఉండాలి, మీ మాటల్లో కాదు. ఈ రాత మీ ఇద్దరి మధ్యే పనికొస్తుంది, పక్కింటాయన హక్కుని ఆపదు. పని రోజు మీరు చెప్పాల్సింది ఒక్కటే, గాలి వస్తే ఆపెయ్ అని. మధ్యలో "ఇంకొంచెం అటు కొయ్" లాంటి సలహాలు వద్దు. పక్కింటివాళ్ళకి ముందే చెప్పి, వాళ్ళ కప్పు ఫోటోలు వాళ్ళ ఎదురుగానే తీయండి, పాత పగుళ్ళ మీద తర్వాత గొడవ రాదు.

ఒకవేళ పడిందే అనుకోండి, మనుషుల్ని బయటికి పంపి, కరెంటు తీగలు తెగాయేమో దూరం నుంచే చూసి, ఆ రోజే మీ ఇన్సూరెన్స్‌కి చెప్పండి. "మొత్తం నేనే కట్టేస్తా" అని రాసివ్వొద్దు. కొట్టేవాడు మొద్దుని తవ్వి తీసుకెళ్ళిపోతానంటే వద్దనండి, గాటు ఎంత లోతు పెట్టాడు, లోపల పుచ్చు ఎంత ఉంది అనేది దాన్ని చూసే చెప్పగలరు, పరిశీలించేవాళ్ళు వచ్చేదాకా అది అక్కడే ఉండాలి.