రెజొనెన్స్ ట్యూబు, సోనోమీటర్ లెక్కలు: జవాబు తప్పితే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

సిరోంచ, అహేరి వైపు పన్నెండో తరగతి సైన్స్ చదివే మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. క్లాసులో పాఠం మరాఠీలోనో ఇంగ్లిషులోనో వింటారు, ఇంటికొచ్చి తెలుగులో ఆలోచిస్తారు. కొందరు గోదావరి అవతల నుంచి తెలుగు గైడ్లు కూడా తెచ్చుకుంటారు. ముందుగా గుర్తుల సంగతి చూసుకోండి. మన బోర్డు పుస్తకంలో పౌనఃపున్యం n, తీగ మీటరు పొడవుకు ఉండే ద్రవ్యరాశి m. అవతలి గైడ్లలో వాటికే ν, μ అని కనిపిస్తాయి. పరీక్షలో m కనబడగానే వేలాడదీసిన బరువు అనుకుని వేసేస్తే లెక్క అక్కడే పోతుంది.

సమస్య: ధ్వని వేగం 331 కన్నా తక్కువ వచ్చింది

512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుతో ప్రయోగం చేశారనుకుందాం. నీటి మట్టం దించుతూ పోతే 16.0 సెం.మీ. దగ్గర శబ్దం ఒక్కసారిగా పెరిగింది. గొట్టం ఒక చివర మూసి ఉంది కాబట్టి పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు అనుకుని ఇలా వేస్తారు:

v = 4nl = 4 × 512 × 0.16 = 327.7 మీ./సె.

ఈ జవాబు తప్పని చెప్పడానికి పుస్తకం తెరవక్కర్లేదు. సున్నా డిగ్రీల దగ్గరే గాలిలో ధ్వని వేగం దాదాపు 331 మీ./సె. ఉంటుంది. డిగ్రీ పెరిగినకొద్దీ సుమారు 0.6 చొప్పున పెరుగుతుంది. గది 28 డిగ్రీలుంటే 331 + 0.6 × 28, అంటే దాదాపు 348 రావాలి. 327.7 రావాలంటే ల్యాబులో నీళ్లు గడ్డకట్టి ఉండాలి.

కారణం గొట్టం పైచివర ఉంది. నీటి ఉపరితలం దగ్గర గాలి కదలలేదు, కాబట్టి నోడ్ కచ్చితంగా అక్కడే ఏర్పడుతుంది. తెరిచిన చివర మాత్రం ఊగుతున్న గాలి అంచు దగ్గర ఆగిపోదు, కొంచెం బయటికి కూడా ఊగుతుంది. అందుకే యాంటీనోడ్ అంచుకు కాస్త పైన పడుతుంది. ఆ కాస్త దూరమే ఎండ్ కరెక్షన్, e. గొట్టం లోపలి వ్యాసం d అయితే e సుమారు 0.3d. స్కేలు మీద మీరు చదివింది l, తరంగానికి ఉన్న అసలు పొడవు l + e.

సరిచేయడానికి e తెలియాల్సిన పని కూడా లేదు. నీళ్లు ఇంకా దించి రెండో రెజొనెన్స్ తీసుకోండి. అది 50.0 సెం.మీ. దగ్గర వచ్చింది. మొదటిసారి l₁ + e = λ/4, రెండోసారి l₂ + e = 3λ/4. ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే e పోతుంది:

l₂ − l₁ = λ/2
v = 2n(l₂ − l₁) = 2 × 512 × 0.34 = 348.2 మీ./సె.

28 డిగ్రీల గదికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు e = (l₂ − 3l₁)/2 = (50 − 48)/2 = 1.0 సెం.మీ. అంటే లోపలి వ్యాసం 3.3 సెం.మీ. దగ్గర ఉండాలి. గొట్టాన్ని కొలిచి చూడండి. బయటి వ్యాసం కొలిస్తే గాజు మందం కూడా కలిసిపోతుంది.

సమస్య: e రుణ సంఖ్య వచ్చింది, లేదా మరీ పెద్దదైంది

రెండు రీడింగుల నిష్పత్తి చూడండి. l₂/l₁ ఎప్పుడూ 3 కన్నా కొంచెం ఎక్కువే ఉండాలి. పై లెక్కలో 50/16 = 3.125. నిష్పత్తి 1.7 దగ్గర వస్తే మొదటి రెజొనెన్స్ మీ చెవికి అందకుండా దాటిపోయిందన్నమాట. మీరు l₁, l₂ అనుకున్నవి నిజానికి రెండోది, మూడోది. ఇదే గొట్టంలో అవి 50, 84. వాటి తేడా కూడా 34 సెం.మీ.యే కాబట్టి వేగం సరిగ్గానే వస్తుంది. కానీ e = (84 − 150)/2 = −33 సెం.మీ. అవుతుంది. వేగం బాగుంది కదా అని ఊరుకోవద్దు. వైవాలో e అడుగుతారు.

నిష్పత్తి సరిగ్గా ఉండి e మాత్రం తేడాగా ఉంటే l₁ని అనుమానించండి. సూత్రంలో అది మూడుతో గుణించి ఉంది. l₁ని 2 మి.మీ. తప్పుగా చదివితే e 3 మి.మీ. మారిపోతుంది. 10 మి.మీ. ఉండాల్సిన దానిలో అది చాలా ఎక్కువ. అదే తప్పుకు వేగం 2 మీ./సె. మాత్రమే మారుతుంది. అందుకని మొదటి స్థానం దగ్గర తొందరపడకండి. నీళ్లు దించేటప్పుడొకసారి, ఎక్కించేటప్పుడొకసారి చదివి సగటు తీయండి.

పోయిన వేసవిలో చేసిన అన్నయ్య రికార్డు చూసి రీడింగులు రాస్తే దొరికిపోతారు. 45 డిగ్రీల దగ్గర వేగం 358. అదే ఫోర్కు, అదే గొట్టమైనా l₁ 16.5 సెం.మీ. దగ్గరికి జరుగుతుంది.

సమస్య: జవాబు 1/2 వచ్చింది, కీలో 3/4 ఉంది

ప్రశ్న ఇలా ఉంటుంది: ఒక చివర మూసిన గొట్టం మొదటి ఓవర్‌టోన్, రెండు చివర్లూ తెరిచిన గొట్టం మొదటి ఓవర్‌టోన్‌తో సమానం. పొడవుల నిష్పత్తి ఎంత?

ఇక్కడ తప్పు లెక్కించే తీరులో ఉంది. మూసిన గొట్టంలో 1, 3, 5 అని బేసి హార్మోనిక్‌లే ఉంటాయి. కాబట్టి మొదటి ఓవర్‌టోన్ మూడో హార్మోనిక్. తెరిచిన గొట్టంలో అది రెండో హార్మోనిక్. 3v/4Lc = 2v/2Lo, కనుక Lc/Lo = 3/4. మూసిన దానికీ 2 వేసినవాళ్లకు 1/2 వస్తుంది. ఎండ్ కరెక్షన్ కూడా ఇచ్చి ఉంటే మూసిన గొట్టానికి e, తెరిచిన దానికి 2e కలపాలి.

సమస్య: తీగ పౌనఃపున్యం నమ్మలేనంత చిన్నగా వచ్చింది

సోనోమీటర్ తీగ పొడవు 50 సెం.మీ., వేలాడదీసిన బరువు 4.9 కేజీలు, m = 1.2 గ్రాములు/మీటర్. టెన్షన్ T = 4.9 × 9.8 = 48 న్యూటన్లు.

n = (1/2L)√(T/m) = (1/1.0) × √(48/0.0012) = 200 హెర్ట్జ్

మీ జవాబు కీతో కలవకపోతే, కీలోని సంఖ్యను మీ సంఖ్యతో భాగించండి. తప్పేమిటో ఆ భాగఫలమే చెబుతుంది. మీకు 63.9 వచ్చిందనుకోండి. 200/63.9 = 3.13, ఇది √9.8. అంటే కేజీలనే టెన్షన్‌గా వేసి g మరిచారు. 6.32 వస్తే భాగఫలం 31.6, ఇది √1000. అంటే గ్రాములను కేజీలుగా మార్చలేదు. భాగఫలం సరిగ్గా 2 వస్తే రెండు చోట్ల వెతకాలి. తీగ మందం ఇచ్చిన లెక్కల్లో m = πr²ρ కాబట్టి వ్యాసార్ధం బదులు వ్యాసం వేస్తే m నాలుగింతలై n సగమవుతుంది. లేదా తీగ రెండు లూపులుగా కంపిస్తోందని ప్రశ్నలో ఉన్నా మీరు ఒక లూపుకే వేసి ఉంటారు. p లూపులుంటే n = (p/2L)√(T/m), అది (p − 1)వ ఓవర్‌టోన్.