పత్తి సీజన్‌కు ముందు ఆడిట్ రిపోర్టును టేబుల్‌లోకి ఎక్కించేవాళ్లకు జాగ్రత్తలు

ధర్మాబాద్, బిలోలి వైపు జిన్నింగ్ మిల్లుల్లో దసరా దాటిందంటే కాటా దగ్గర బండ్ల వరస మొదలవుతుంది. సెప్టెంబరుతో ముగిసిన ఆరు నెలల ఇంటర్నల్ ఆడిట్ రిపోర్టు వచ్చేదీ ఆ రోజుల్లోనే. నలభై పేజీలు చదివే తీరిక సేట్‌కు ఉండదు. "లోపమేంటి, రిస్కెంత, ఏం చెయ్యాలె, మూడు గళ్లల్ల రాసియ్యి" అంటాడు. ఆ తర్వాత మిల్లులో అందరూ చూసేది ఆ టేబులే. స్టాట్యుటరీ ఆడిటర్ మాత్రం అసలు రిపోర్టే తెరుస్తాడు. ఆడిటర్ తన రిపోర్టులో ఏమేం చెప్పాలో నిర్దేశించే కారో 2020 ఆదేశం వర్తించే కంపెనీ అయితే, ఇంటర్నల్ ఆడిటర్ల రిపోర్టులను పరిగణనలోకి తీసుకున్నదీ లేనిదీ ఆయన రాసివ్వాలి. టేబుల్‌కూ రిపోర్టుకూ తేడా ఉంటే అక్కడ దొరుకుతుంది.

మొదటి రెండు పేజీల సారాంశం చూసి టేబుల్ తయారుచేయకండి. అందులో అంశాలు కుదించి ఉంటాయి. లోపల నంబర్లు వేసిన పేరాల నుంచే తీసుకోండి, పక్కన పేజీ నంబరు వేసుకోండి.

ఒక ఉదాహరణ అనుకుందాం. 4.2 నంబరు కింద, రిస్క్ High అని ఇచ్చి, ఇలా రాశారు: "పరిశీలించిన 30 తూకం చీటీల్లో 7 చీటీలపై తేమ శాతం లేదు. పత్తి షెడ్డులోని 12 మంటలార్పే సిలిండర్లలో 5 సిలిండర్లకు రీఫిల్ గడువు దాటింది. సీజన్ రద్దీ వల్ల ఇలా జరిగిందని మేనేజ్‌మెంటు తెలిపింది."

ఇవి రెండు లోపాలు. సరిచేసేవాళ్లు వేరు, గడువులూ వేరు, కాబట్టి రెండు వరసలు కావాలి. నంబరు మాత్రం రెండింటికీ 4.2 అనే ఉంచండి. High కూడా రెండింటికీ రాసి, "రెండింటికీ కలిపి ఇచ్చినది" అని వేరే గడిలో చేర్చండి. తేమ సంగతి చిన్నదేలే అని మీరే Medium చేయకూడదు. ధర కట్టేదే తేమ చూసి: పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతాన్ని ప్రమాణంగా పెట్టుకుని, 12 దాటితే తీసుకోదు. ఆ గడి ఖాళీగా ఉందంటే, ఇచ్చిన ధర సరైనదో కాదో తేల్చే ఆధారం లేనట్టే. విడిగా రేటింగ్ కావాలంటే ఆడిటర్‌నే అడగండి.

"30లో 7" అన్నది ఉన్నదున్నట్టు రావాలి. "7 చీటీల్లో తేమ లేదు" అని రాస్తే, సీజనంతా కలిపి ఏడే తప్పులు అనుకుంటారు. ఆడిటర్ చూసింది 30 మాత్రమే కదా. "సీజన్ రద్దీ వల్ల" అన్న మాట లోపం గడిలోకి రానివ్వద్దు. అది మేనేజ్‌మెంటు చెప్పిన కారణం, ఆడిటర్ నిర్ధారించింది కాదు.

ఎక్కువ గొడవ జరిగేది మూడో గడిలో. తేమ నమోదు కాకపోతే బిల్లు ప్రింటు కాకుండా సాఫ్ట్‌వేర్‌లో అడ్డు పెట్టమని ఆడిటర్ సూచించాడనుకోండి. మేనేజ్‌మెంటు జవాబేమో "సిబ్బందికి చెప్పాం". మీరు "సాఫ్ట్‌వేర్‌లో అడ్డు పెడతాం" అని రాస్తే, ఎవరూ ఒప్పుకోని మాటను కంపెనీ మీద పెట్టినట్టు. "చెప్పాం, పూర్తయింది" అని రాస్తే, వచ్చే రిపోర్టులో అదే లోపం 'మళ్లీ కనిపించింది' అన్న ముద్రతో తిరిగొస్తుంది. అందుకే ఆ గడిలోనే మూడు ముక్కలుగా రాయండి: ఆడిటర్ సూచన, మేనేజ్‌మెంటు జవాబు, ఒప్పుకున్న పని. ఒప్పుకున్న పనికి మనిషి పేరు, తేదీ ఉండాలి. అవి తేలకపోతే "ఖరారు కాలేదు" అని రాయడానికి మొహమాటం వద్దు. సేట్‌కు నచ్చకపోవచ్చు గానీ, మొదటి బండి రాకముందు తేల్చుకోవలసిన పని ఏదో ఆ వరసే చూపిస్తుంది.

కొన్ని రిపోర్టుల్లో రిస్క్‌ను మాటల్లో కాకుండా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలతో చూపిస్తారు. నలుపు తెలుపు ప్రింటులో అవన్నీ ఒకేలా కనిపిస్తాయి, కాపీ చేస్తే అసలు రాకపోవచ్చు. అంకెలిస్తే, 1 అంటే అతి తీవ్రమా, అతి స్వల్పమా అన్నది రేటింగ్ వివరణ పేజీలో చూసుకోండి. రేటింగే లేని అంశానికి "రిపోర్టులో లేదు" అని రాస్తే చాలు.

ఎక్సెల్‌లో నంబర్ల కాలమ్‌ను ముందే Text చేయండి. లేకపోతే 4.10 కాస్తా 4.1 అవుతుంది, 4-2 తేదీగా మారుతుంది. రిస్క్ C కాలమ్‌లో ఉంటే, చివర్లో వేరే కాలమ్‌లోని గడిలో ఇలా లెక్కపెట్టండి:

```
=COUNTIF(C:C,"High")
```

High తర్వాత పొరపాటున ఖాళీ స్పేస్ పడితే ఆ వరస లెక్కలోకి రాదు. విడగొట్టిన 4.2 వల్ల సారాంశంలోని సంఖ్య కంటే ఒకటి ఎక్కువ రావాలి. తక్కువ వస్తే, ముందు అనుబంధాల పేజీలు తిప్పండి. పేరాలో "అనుబంధం చూడండి" అని వదిలేసిన అంశాలు సాధారణంగా అక్కడ ఉంటాయి.