బాలికల చదువు కోసం సంస్థ పెడుతున్నారా? రిజిస్ట్రేషన్‌కు ముందే పేరు విషయంలో ఈ జాగ్రత్తలు

పేరు మార్చుకోవడం సంస్థ పెట్టకముందు ఉచితం, పెట్టాక తలనొప్పి. ట్రస్టు డీడు లేదా సొసైటీ బైలా, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, పన్ను మినహాయింపుకు కావలసిన 12ఏ, 80జీ పత్రాలు, స్వచ్ఛంద సంస్థల దర్పణ్ పోర్టల్‌లోని నమోదు... ఒక్క అక్షరం మారినా వీటన్నిటి కోసం మళ్లీ తిరగాలి. అందుకే దరఖాస్తు పెట్టే ముందు పేరు మీద కొన్ని రోజులు కూర్చోవడం మంచిది.

మన దగ్గర ఉన్న అసలు చిక్కు ఇది: సేవకు పనికొచ్చే మంచి తెలుగు మాటల్లో చాలావాటిని పథకాలు ఎప్పుడో తీసేసుకున్నాయి. 'చేయూత' చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వైఎస్సార్ చేయూత వచ్చింది. 2023 ఎన్నికల్లో తెలంగాణ కాంగ్రెస్ ఇచ్చిన ఆరు గ్యారంటీల్లోనూ అదే మాట ఉంది. 'ఆసరా' తెలంగాణలో 2014 నుంచి పింఛను పేరు, ఆంధ్రలో గత ప్రభుత్వం డ్వాక్రా మహిళల పథకానికి పెట్టిన పేరు. 'దీపం' అంటే గ్యాస్ సిలిండరు. 'వెలుగు' అంటే చాలా ఊళ్లలో పొదుపు సంఘాల ఆఫీసు. 'అభయ హస్తం' సంగతి చెప్పనక్కర్లేదు, అందులో పార్టీ గుర్తే ఉంది. 'బంగారు తల్లి' ఆడపిల్లల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన పథకం. 'జాగృతి' అన్నా తెలంగాణలో వెంటనే ఒక నాయకురాలి సంస్థే గుర్తొస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. నారాయణపేట జిల్లాలో పదో తరగతి పాసై, కాలేజీ దూరమని ఇంటర్‌లో చేరకుండా ఆగిపోయే అమ్మాయిలకు బస్సు ఖర్చు, హాస్టల్ ఫీజు ఇవ్వాలని కొందరు మిత్రులు అనుకున్నారు. వాళ్ల మొదటి జాబితా: 'ఆసరా బాలికా ఫౌండేషన్', 'తెలంగాణ రూరల్ స్టూడెంట్స్ ఫౌండేషన్', 'సరస్వతీ పుత్రికలు', 'నిరుపేద బాలికల విద్యా ట్రస్టు'.

మొదటిది ఎందుకు పోవాలో పైన చెప్పినదే. ఊళ్లో పెద్దవాళ్లు పింఛను కాగితాలు పట్టుకుని వస్తారు, దాతలు ఇది సర్కారు డబ్బుతో నడిచేదే కదా అనుకుంటారు. రెండోది మర్యాదగా ఉంది గానీ పొడి అక్షరాలు కూర్చి చూడండి: టీఆర్‌ఎస్‌ఎఫ్. ఆ పార్టీ 2022లో బీఆర్‌ఎస్‌గా మారినా జనం నోట పాత అక్షరాలు పోలేదు. చూడగానే ఏదో విద్యార్థి విభాగం అనుకుంటారు. పైగా పేరులో రాష్ట్రం ఉంటే ప్రభుత్వ సంస్థ అనే భ్రమ కలుగుతుంది. ప్రభుత్వ అండ ఉన్నట్టు తోచే పేర్లను 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం కూడా ఒప్పుకోదు. మహాత్మా గాంధీ, నెహ్రూ, ఇందిరా గాంధీ పేర్లు సైతం ఆ చట్టం జాబితాలో ఉన్నాయి. అభిమానం కొద్దీ పెట్టుకుందామన్నా అనుమతి లేకుండా కుదరదు.

మూడో పేరు అందంగానే ఉంది. కానీ క్రైస్తవ, ముస్లిం కుటుంబాల అమ్మాయిలు కూడా మనకు కావాలి కాబట్టి వద్దన్నారు. నాలుగోది దాతకు నచ్చుతుంది, పిల్లకు నచ్చదు. ఆ ముద్ర వేసిన బ్యాగు భుజాన వేసుకుని పదహారేళ్ల అమ్మాయి కాలేజీకి వెళ్లదు. ఇక్కడ నేను పిల్ల పక్షమే. దాతను నమ్మించడానికి పేరు కాక వేరే దారులు చాలా ఉన్నాయి.

చివరికి పని నుంచే పేరు తీసుకున్నారు: 'పైచదువు బాలికల ఫౌండేషన్'. ఎవరి కోసమో, ఎందుకో అందులోనే తెలిసిపోతుంది. రేపు పక్క జిల్లాకు వెళ్లినా పేరు అడ్డు రాదు. ఇలా పనిని సూటిగా చెప్పే పేరుకు ఇంకో లాభం ఉంది: 'భరోసా', 'వందనం', 'కానుక' లాంటి భావాల పేర్ల కంటే దాన్ని ఏ ప్రభుత్వమో పథకానికి తీసుకునే అవకాశం తక్కువ. ఆంధ్రలో 2024 తర్వాత బడి పథకాల పేర్లు ఎలా మారాయో చూశాం. మధ్యాహ్న భోజనానికి ఉన్న 'జగనన్న గోరుముద్ద' పోయి డొక్కా సీతమ్మ పేరు వచ్చింది. అధికారం మారితే మాటలు కూడా చేతులు మారతాయి.

పేరు ఖాయం చేసే ముందు ఊరివాళ్ల దగ్గర ఒక చిన్న పరీక్ష పెట్టాలి. సంస్థ గురించి ఏమీ చెప్పకుండా పేరు ఒక్కటే వినిపించి, 'ఇది ఎవరు నడుపుతున్నారనుకుంటున్నారు?' అని అడగాలి. హెడ్‌మాస్టరు, అంగన్‌వాడీ టీచరు, కిరాణా కొట్టాయన, వేరే వేరే పార్టీల వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండాలి. 'ఏ పార్టీది?', 'కొత్త స్కీమా?', 'ఎవరి కులపోళ్లది?' అన్న మాట వస్తే ఆ పేరు పక్కన పెట్టేయాలి. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెడితే ఇది బయటపడదు, అందరూ బాగుంది అంటారు.

తర్వాత వెతుకులాట. ట్రేడ్‌మార్కుల వెబ్‌సైటులో విద్యకు 41వ తరగతి, విరాళాల సేకరణకు 36వ తరగతి చూడాలి. కంపెనీల శాఖ పోర్టల్, దర్పణ్ కూడా చూడాలి. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ అయితే పేరు చివర ఫౌండేషన్, అసోసియేషన్, ఫోరం లాంటి మాట ఉండాలి. ట్రస్టుకైతే ఎక్కువ జాగ్రత్త అవసరం. సబ్ రిజిస్ట్రారు డీడు రిజిస్టరు చేస్తారే తప్ప ఆ పేరుతో ఇంకో ట్రస్టు ఉందా అని వెతికి పెట్టరు. అదే పేరున్న ఇంకో సంస్థ ఏ గొడవలోనో వార్తల్లోకెక్కితే సంజాయిషీ మనం ఇచ్చుకోవాలి.

దాత నమ్మకం నిజంగా తేలేది ఫోన్‌పేలో స్కాన్ చేసినప్పుడు. స్క్రీన్ మీద బ్యాంకు ఖాతా పేరు కనిపిస్తుంది. పోస్టరు మీద ఒక పేరు, అక్కడ కార్యదర్శి సొంత పేరు కనిపిస్తే వేలు ఆగిపోతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒకటే ఖాయం చేసుకోండి. PAICHADUVU అని పాన్ మీద ఉంటే బ్యాంకులో PAI CHADHUVU అని పడకూడదు. 80జీ కింద దాతకు ఇచ్చే 10బీఈ సర్టిఫికెట్ మీదా అదే పేరు ఉండాలి. పొడవైన పేర్లు స్క్రీన్ మీద మధ్యలో తెగిపోతాయి కాబట్టి ముఖ్యమైన మాట ముందే రావాలి.

పెద్ద దాత ఒకరు వచ్చి, మాజీ ఎమ్మెల్యే అయిన మా నాన్నగారి పేరు సంస్థకు పెడితే అయిదు లక్షలు ఇస్తానంటే? కాదనడం కష్టమే. ఆ పేరు సంస్థకు కాక, ఏటా ఇచ్చే ఒక స్కాలర్‌షిప్‌కు పెడతామని చెప్పండి. ట్రస్టు పేరు అలాగే ఉంటుంది, ఆయన గౌరవమూ దక్కుతుంది. దానికీ ఒప్పుకోకపోతే ఆ డబ్బు వద్దనుకోవడమే మేలు. ఎన్నికల కోడ్ రోజుల్లో నాయకుడి పేరున్న బ్యానరుతో బడి గేటు దాటడం కష్టం.

లోగోకూ ఇదే చూపు వర్తిస్తుంది. అమ్మాయిలకు సైకిళ్లు ఇవ్వండి, లోగోలో మాత్రం సైకిలు వద్దు. హస్తం, పువ్వు కూడా వద్దు. పూర్తి పసుపు, పూర్తి గులాబీ, పూర్తి కాషాయం మానేసి, మట్టి రంగో ముదురు ఊదా రంగో తీసుకుంటే ఏ జెండా గుర్తుకు రాదు.

ఇంత చేసినా రేపు ఏదో ప్రభుత్వం మీ మాటనే పథకానికి పెట్టుకోవచ్చు. అప్పుడు చట్టబద్ధమైన పేరు మార్చడానికి పరిగెత్తకండి. రసీదు, బ్యానరు, బ్యాగుల మీద పేరు కింద 'ప్రభుత్వ పథకం కాదు, విరాళాలతో నడిచే ట్రస్టు' అని ఒక వరుస రిజిస్ట్రేషన్ నంబరుతో సహా అచ్చు వేయించండి. ఏడాది గడిచినా జనం పొరబడుతూనే ఉంటే అప్పుడు ట్రస్టీల సమావేశం పెట్టి మార్పు గురించి ఆలోచించవచ్చు.