పెద్ద మొత్తం ఒకేసారి వేయాలా, నెలనెలా వేయాలా? మధ్యలో ఆగిపోయినవాళ్లకు

సమస్య

పర్లాకిమిడిలో మా వీధి మాస్టారికి రిటైర్మెంట్ డబ్బు వచ్చింది. అందులో 12 లక్షలు ఈక్విటీ ఫండ్‌కి పక్కనపెట్టి, నెలకు లక్ష చొప్పున వేయడం మొదలుపెట్టారు. నాలుగు వాయిదాలయ్యాక మార్కెట్ పడింది. "ఇంకా పడుతుందేమో, ఆగుదాం తమ్ముడూ" అన్నారు. మళ్లీ పెరిగాక "ఇప్పుడు రేటెక్కువ" అన్నారు. ఏడాదిన్నర గడిచినా 8 లక్షలు సేవింగ్స్ ఖాతాలోనే ఉన్నాయి.

కారణం

నెలనెలా వేస్తే లాభం ఎక్కువని మాస్టారి నమ్మకం. లెక్కలు అలా చెప్పవు. వాన్‌గార్డ్ అనే అమెరికా పెట్టుబడుల సంస్థ 2012లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల పాత లెక్కలు తీసి చూస్తే, సుమారు మూడింట రెండుసార్లు ఒకేసారి వేసినవాళ్లే ముందున్నారు. మార్కెట్ పడిన కాలం కంటే పెరిగిన కాలం ఎక్కువ కాబట్టి, బయట కూర్చున్న డబ్బు ఆ పెరుగుదలను పోగొట్టుకుంటుంది.

మాస్టారి 12 లక్షలే చూడండి. మొదటి లక్ష ఆగదు, చివరిది 11 నెలలు ఆగుతుంది. సగటున ఐదున్నర నెలలు. ఈక్విటీ ఏటా 12 శాతం, డబ్బు కొన్నాళ్లు తక్కువ రిస్క్‌తో ఉంచుకునే లిక్విడ్ ఫండ్ 6 శాతం ఇస్తాయనుకుంటే ఈ ఆగడం ఖరీదు దాదాపు 33 వేలు.

మిగిలిన ఆ మూడో వంతు మాత్రం చిన్నది కాదు. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల చిల్లరకు వచ్చింది. ఆ జనవరిలో మొత్తం పెట్టినవాళ్లకు నిద్ర పట్టి ఉండదు. వాయిదాలు కొనిపెట్టేది ఆ నిద్రనే, లాభాన్ని కాదు. 33 వేలు దానికి కట్టే ప్రీమియం.

అయితే వాయిదాల రక్షణ ఏడాదే. పదమూడో నెలలో మార్కెట్ 30 శాతం పడితే రెండు దారులవాళ్లకూ దెబ్బ ఇంచుమించు ఒకటే. అందుకే మాస్టారి అసలు ఇబ్బంది పద్ధతిలో లేదు, 12 లక్షలూ ఈక్విటీకే అనుకోవడంలో ఉంది.

జీతంలోంచి నెలనెలా కట్టే సిప్‌కి ఈ గొడవ లేదు. అక్కడ డబ్బు చేతికొచ్చిన వెంటనే వేస్తున్నారు, ఆపి ఉంచడం లేదు.

పరిష్కారం

ముందు మొత్తం తేల్చుకోండి. "రేపే 30 శాతం పడితే ఎంతవరకు పోయినా అమ్మకుండా ఉండగలను?" మాస్టారు లక్షా 80 వేలన్నారు. అది 6 లక్షల్లో 30 శాతం, అంటే ఆయన ఈక్విటీ 6 లక్షలే. ఏడేళ్లలోపు అవసరమయ్యే డబ్బు ఇందులో కలపకండి.

తేలిన మొత్తాన్ని ఒకేసారి వేసేయొచ్చు. చెయ్యి రాకపోతే ఆరు నెలలకు మించకుండా ఎస్‌టీపీ, అంటే సిస్టమాటిక్ ట్రాన్స్‌ఫర్ ప్లాన్ పెట్టండి. డబ్బు లిక్విడ్ ఫండ్‌లో ఉండి, చెప్పిన తేదీకి అదే కంపెనీ ఈక్విటీ ఫండ్‌లోకి తనంతట తనే మారుతుంది. మొదటి బదిలీ వారం తర్వాత పెట్టుకోండి, ఏడు రోజుల్లోపు తీస్తే లిక్విడ్ ఫండ్‌లో ఎగ్జిట్ లోడ్ అనే చిన్న రుసుము పడుతుంది. ప్రతి బదిలీ అమ్మకం కిందే లెక్క, వచ్చిన లాభం మీ ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది.

మధ్యలో ఆపాలనిపిస్తే, ఈక్విటీ మొత్తం ఎక్కువ పెట్టుకున్నారేమో మళ్లీ చూడండి. మాస్టారు మిగిలిన 2 లక్షలు ఒకేరోజు వేసి, 6 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టుకున్నారు.