కస్టమర్ల ఫేస్‌బుక్ గ్రూప్ మూగబోతే ముందు చూడాల్సింది Pending posts

చీరల దుకాణాలు, నర్సరీలు, మామిడి తాండ్ర అమ్మేవారు కస్టమర్ల కోసం పెట్టుకున్న గ్రూపుల్ని తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో నేను చాలాసార్లు చక్కదిద్దాను. అందరూ చెప్పే ఇబ్బందులు రెండే. ఒకటి, గ్రూపు నిండా లోన్ ప్రకటనలు. రెండోది, ప్రకటనలు ఆగాయి కానీ కస్టమర్లు కూడా నోరు విప్పడం లేదు. ఈ రెండోది చాలావరకు మొదటిదానికి వేసిన మందు వల్ల వచ్చిన జబ్బే. అయినా దాన్ని ఎవరూ వెతకరు. మరిన్ని ఆఫర్లు పెట్టి గ్రూపును కదిలించాలని చూస్తారు.

లక్షణం: లోన్లు, ఇంటి నుంచి ఉద్యోగాలు, వేరే దుకాణాల ప్రకటనలు

సభ్యత్వాన్ని ఎవరు ఆమోదించవచ్చో సెట్టింగుల్లో చూడండి. గ్రూపులో ఉన్న ఎవరైనా ఆమోదించవచ్చని ఉంటే, దొంగ ఖాతా ఒక్కటి లోపలికి వచ్చినా మిగతావాటిని అదే లాక్కొస్తుంది. ఆ అధికారం అడ్మిన్లకు, మోడరేటర్లకు మాత్రమే ఉంచండి. చేరేవారిని మూడు ప్రశ్నల వరకు అడిగే వీలుంది. "మా దగ్గర ఏం కొన్నారు? బిల్లు నంబర్ ఎంత?" అని అడిగితే చాలు. జవాబు ఇవ్వనివారిని లోపలికి రానివ్వకండి. ఇప్పటికే ఉన్న దొంగ ఖాతాలను తీసేటప్పుడు, వాటి పాత పోస్టులు, వ్యాఖ్యలు కూడా తొలగించే ఎంపికను టిక్ చేయండి. చాలామంది అది వదిలేసి, మనిషిని పంపించి చెత్తను మాత్రం ఉంచుకుంటారు.

లక్షణం: స్పామ్ లేదు, కస్టమర్ల మాటా లేదు

శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు అమ్మే ఒక దుకాణం గ్రూపు ఇలాగే నిశ్శబ్దమైపోయింది. యజమానురాలు రోజూ కొత్త చీర ఫోటో పెట్టేవారు. కింద ఒకటి రెండు లైకులు తప్ప ఏమీ ఉండేది కాదు. "మా కస్టమర్లకు ఆసక్తి తగ్గిపోయింది, గ్రూపు మూసేద్దామనుకుంటున్నాను" అన్నారు. "అక్కా, Pending posts తెరిచారా?" అని అడిగితే, "నా పోస్టులన్నీ వెంటనే వస్తున్నాయిగా, అందులో ఏముంటుంది?" అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. సభ్యులు పెట్టాక అడ్మిన్ అనుమతి కోసం ఆగి ఉన్న పోస్టులు చేరే చోటే Pending posts. అడ్మిన్ పెట్టిన పోస్టు అనుమతి కోసం ఆగదు, నేరుగా గ్రూపులోకి వెళ్తుంది. కాబట్టి ప్రతి పోస్టుకూ అనుమతి కావాలని తాను పెట్టిన నియమం అడ్మిన్ కళ్ళకు ఎప్పుడూ ఎదురు కాదు. ఆమె ఇంతకుముందు స్పామ్‌ను ఆపడానికే ఆ నియమం పెట్టారు. ఆ తర్వాత ఫోనుకు వచ్చే గ్రూపు నోటిఫికేషన్లను ఆపేశారు. అడ్డుకట్ట మిగిలింది, దాన్ని చూసే మనిషి మిగలలేదు.

తెరిచి చూస్తే అక్కడ ఆగి ఉన్నవన్నీ అసలైన కస్టమర్ల పోస్టులే. ఒకామె మొదటి ఉతుకులో ఎరుపు దిగిందని ఫోటో పెట్టి, రంగు పోయినట్టేనా అని అడిగారు. ఇంకొకరు కూతురి పెళ్ళికి కొన్న చీరను ఫోటోతో సహా చూపించారు. మూడో ఆమె ఇస్త్రీ ఏ వైపు నుంచి చేయాలని అడిగారు. ఇంతకంటే నమ్మకం పెంచే పోస్టులు డబ్బిచ్చినా దొరకవు. అడిగినవారికి మాత్రం దుకాణం తమను పట్టించుకోలేదనే అనిపించింది. ఇలా జరిగినప్పుడు కస్టమర్లు గొడవ చేయరు, రెండోసారి రాయరు, అంతే.

Pending posts ఒక్కటే చూసి ఆగిపోకండి. ఫేస్‌బుక్ తనంతట తాను అనుమానించినవి Potential spam అనే వేరే చోట ఉంటాయి. అంతకంటే దొంగచాటు పని Admin Assist లో జరుగుతుంది. "లింకు ఉంటే తిరస్కరించు", "ఈ మాట ఉంటే తిరస్కరించు" అని మీరు పెట్టిన నియమాలు మిమ్మల్ని అడగకుండానే పని చేసుకుపోతాయి. ఈ దుకాణంలో లింకులన్నీ నిషేధించారు. ఒక కస్టమర్ అదే దుకాణం పేజీలోని చీర లింకు పెట్టి, "ఇది నీలంలో ఉందా?" అని అడిగారు. కొనడానికి వచ్చిన ఆ మనిషిని నియమం గుమ్మంలోనే తిప్పి పంపింది. WhatsApp అనే మాటను నిషేధించడం వల్ల దుకాణం నంబర్ అడిగినవారి పోస్టులు కూడా పోయాయి. Admin Assist తీసుకున్న నిర్ణయాల జాబితా అక్కడే కనిపిస్తుంది. దాన్ని పైనుంచి కిందిదాకా చదవండి.

తేల్చుకునే పద్ధతి సులువు. అడ్మిన్ కాని ఇంట్లోవాళ్ళ ఫోను తీసుకొని, వాళ్ళ సొంత ఖాతాతో మీ పేజీ లింకు పెట్టి ఒక ప్రశ్న రాయించండి. అది వెంటనే గ్రూపులో కనిపించకపోతే కారణం దొరికినట్టే. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఆఫర్ల గురించి ఆలోచించవద్దు.

పరిష్కారం ఇలా చేశాం. అందరికీ ఉన్న అనుమతి నియమాన్ని తీసేసి, కొత్తగా చేరినవారు లింకుతో పెట్టే పోస్టుల్ని మాత్రమే ఆపేలా Admin Assist ను మార్చాం. మాటల నిషేధాల్లో లోన్, ఉద్యోగ ప్రకటనల్లో మాత్రమే వచ్చే పదాలను ఉంచి మిగతావి తీసేశాం. తిరస్కరించినప్పుడు రాసినవారికి కారణం వెళ్ళే ఎంపికను కూడా పెట్టాం. ఎంతోకాలంగా చీరలు కొంటూ, ఇతరుల ప్రశ్నలకు ఓపికగా జవాబిచ్చే ఇద్దరు కస్టమర్లను మోడరేటర్లను చేశాం. మోడరేటర్ పోస్టుల్ని ఆమోదించగలరు, తీసేయగలరు, మిమ్మల్ని మాత్రం అడ్మిన్‌గా తొలగించలేరు. కాబట్టి భయం అక్కర్లేదు.

ఆగిపోయిన పాత పోస్టుల్ని ఒకేసారి వదలకండి. ఎప్పటివో ప్రశ్నలు ఒక్క రోజున గుంపుగా వస్తే చూసేవారికి అదీ స్పామ్‌లాగే ఉంటుంది. ఇప్పటికీ పనికొచ్చేవాటిని రోజుకు ఒకటి రెండు చొప్పున ఆమోదించి, ఆ గంటలోనే జవాబు రాయండి. రంగు దిగిన చీర పోస్టు కింద యజమానురాలు ఇలా రాశారు: "బట్టకు పట్టని రంగు మొదటి ఉతుకులో కొంత దిగుతుంది అమ్మా. విడిగా, సబ్బు లేకుండా చల్లటి నీళ్ళలో జాడించి నీడలో ఆరేయండి. తర్వాత కూడా దిగుతుంటే చీర తీసుకురండి, చూస్తాను." ఆ జవాబు కింద మరికొందరు తమ చీరల ఫోటోలు పెట్టారు. గ్రూపు అక్కడి నుంచి కదిలింది. కాలం చెల్లిన ప్రశ్నలు అడిగినవారికి, ఆలస్యానికి మన్నించమని విడిగా సందేశం పంపండి. రోజూ పెట్టే ఆఫర్లను వారానికి ఒక్క పోస్టుకు కుదించండి. లేకపోతే కస్టమర్ల ఫోటోలు మీ ప్రకటనల కిందే మునిగిపోతాయి.

లక్షణం: "మీ గ్రూపులో ఇచ్చిన నంబర్‌కు డబ్బు పంపాను"

పోస్టులకు అనుమతి పెట్టినా వ్యాఖ్యలు ఆ గేటు గుండా రావు. పార్సిల్ రాలేదని ఎవరైనా రాయగానే, కింద ఒక దొంగ ఖాతా "కస్టమర్ కేర్" అంటూ నంబర్ పెడుతుంది. పార్సిల్, రీఫండ్ గురించిన పోస్టులకు మీరే మొదట జవాబివ్వండి. మీ అసలు నంబర్ ఒక పోస్టులో రాసి, దాన్ని పైన నిలిచి ఉండేలా పెట్టండి. ముందు మామూలు మాటలతో పోస్టు పెట్టి, ఆమోదం పొందాక దాన్ని ప్రకటనగా మార్చేవారు కూడా ఉన్నారు. సెట్టింగుల్లో Approve edits అని కనిపిస్తే ఆన్ చేయండి.

మిగతావి అరుదు. అడ్మిన్ ఖాతా హ్యాక్ అవుతుందని భయపడేవారు రెండంచెల భద్రత పెట్టుకొని, నమ్మకమైన మరొకరిని కూడా అడ్మిన్‌గా ఉంచుకుంటే సరిపోతుంది. "ఫేస్‌బుక్ మా పోస్టులు ఎవరికీ చూపించడం లేదు" అనే అనుమానం పైవన్నీ సరిచూశాక కూడా మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం. నా దగ్గరకు వచ్చిన గ్రూపుల్లో అది దాదాపు ఎప్పుడూ అంతదాకా రాలేదు.